రాజీనామాకు ముహూర్తం

2023 డిసెంబరు 3న ఛత్తీస్‌గఢ్ ఫలితాలు వెలువడిన వారంలోనే నేను రాజీనామా పత్రం రాసుకున్నాను. అప్పటికి ఏడాదిగా, మా సంపాదకుని లిఖితపూర్వక అనుమతితో, బయటి పత్రికలకు కూడా రాస్తున్నాను. ఒక్క నవంబరులో అచ్చయిన వ్యాసాల పారితోషికమే 46,000 రూపాయలు. రాయపూర్‌లో మా ఇంటి ఖర్చు నెలకు 32,000. ఇంకా ఉద్యోగమెందుకు అనిపించింది.

ఆ పత్రాన్ని ఆపినది మా ఆవిడ అడిగిన ప్రశ్న: "బ్యాంకులో ఎంత పడిందండీ?" డిసెంబరు 31 నాటికి పడినది 7,000. మిగిలినది పదిశాతం టీడీఎస్ పోగా మార్చి వరకు విడతలుగా వచ్చింది. ఒక పత్రికైతే ఏప్రిల్‌లో గాని చెల్లించలేదు. సభకు వచ్చిన జనం ఓట్లు కానట్లే, అచ్చయిన వ్యాసం ఆదాయం కాదు. ఎన్నికల రాతలతో ఇరవై ఏళ్లు బతికిన నాకు ఇది ముందే తట్టకపోవడం సిగ్గుచేటే.

అందుచేత లోక్‌సభ ఎన్నికల హడావిడి కూడా ముగియనిచ్చి, రాయపూర్ వార్తలను ఢిల్లీ పట్టించుకోని నెలలనే కొలతగా పెట్టుకున్నాను. 2024 జులై నుంచి అక్టోబరు వరకు ఖాతాలో పడినవి వరుసగా 9,000, 14,000, 11,000, 22,000. సగటు 14,000.

ఖర్చు లెక్క కూడా మారింది. బస్తర్ వెళ్లాలంటే జగదల్‌పూర్‌కే సుమారు మూడువందల కిలోమీటర్లు. ఆ ఖర్చు ఇక ముందుగా నేనే పెట్టుకోవాలి. కార్యాలయపు ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. పాత జబ్బులకు కొత్త పాలసీలో నిరీక్షణ కాలం ఉంటుంది కనుక, జీతం వస్తుండగానే సొంత పాలసీ తీసుకున్నాను. ఇవి కలిపితే నెలకు 38,000. అంటే లోటు 24,000.

చేతిలోని 2,56,000ను పూర్తి ఖర్చుతో భాగిస్తే ఆరున్నర నెలలు దాటి వస్తుంది, లోటుతో భాగిస్తే పదిన్నర నెలలు దాటి. రెండో లెక్క పక్క ఆదాయం ఆగదన్న నమ్మకం మీద నిలిచినది. ఆ నమ్మకానికి నాలుగు బక్క నెలల సాక్ష్యమున్నది గనుక దానినే తీసుకున్నాను. అయితే పన్నెండు నెలల లోటు, అనగా 2,88,000, చేరేదాకా కదలకూడదనుకున్నాను. భవిష్యనిధిని ఇందులో కలపలేదు. 2025 ఫిబ్రవరి స్థానిక ఎన్నికల రాతల డబ్బును నిధిలో వేశానే గాని, సగటులో వేయలేదు.

మార్చి 31న ఉద్యోగం వదిలాను. నిధి 96,000కు దిగితే మళ్లీ ఉద్యోగం వెతకాలని మా ఒప్పందం; వెతుకులాటకే మూడు, నాలుగు నెలలు పడుతుంది కదా. జులై ఆఖరుకు 1,97,000 మిగిలింది. వేసుకున్న అంచనా 1,92,000. లెక్క పుస్తకం ఇప్పటికీ మా ఆవిడ దగ్గరే ఉన్నది.