'పడదు' అన్న మాట చాలదు

ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ బోధించి, పదవీ విరమణ పొంది, డోర్నకల్లు జంక్షనులో రైళ్ళ కూతలు వింటూ కాలక్షేపం చేస్తున్నవాడిని. నా తెలుగు ఒక అరపేజీ కాగితం ముందు ఓడిపోతుందని ఎన్నడూ ఊహించలేదు. ఆ ఓటమి కథే ఇది.

ఒక సాయంకాలం నా పూర్వ విద్యార్థిని మా ఇంటికి వచ్చింది. ఇప్పుడామె ఒక చిన్న బడిలో నర్సరీ పిల్లలకు టీచరు. "సార్, తల్లిదండ్రులకు ఒక కాగితం రాసియ్యాలె. ఇంగ్లీషుల ఇస్తే సగంమంది చదువరు" అంది. విషయమేమిటంటే, ఆమె తరగతిలో నాలుగేళ్ళ బాబు ఒకడు చేరాడు. సంక్రాంతికి బంధువుల ఇంట్లో చిన్న సర్వపిండి ముక్క తిన్నాడట. పది నిమిషాలలోపే పెదవులు వాచాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, వాంతి అయింది, ఆపైన ఎడతెగని దగ్గు. ఆసుపత్రికి చేర్చగానే తొడకు ఇంజెక్షను ఇచ్చి నిలబెట్టారు. తరువాత పరీక్షలు చేసి, కారణం పల్లీలని తేల్చారు.

సర్వపిండి మన ఓరుగల్లు ప్రాంతపు సొత్తు కదా. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, కారం కలిపి గిన్నెకు ఒత్తి కాల్చే ఆ రొట్టె పేరు చెబితేనే నాకు మా అమ్మ వంటిల్లు గుర్తుకొస్తుంది. అటువంటి దానిని పిల్లల డబ్బాలో పెట్టవద్దని తల్లులకు చెప్పే భారం నా కలం మీద పడింది.

మొదటి ప్రతిలో నేను 'ఆహారాసాత్మ్యత' అని రాశాను. ఆయుర్వేదంలో శరీరానికి సరిపడని దానిని అసాత్మ్యం అంటారు. టీచరు చదివి, "సార్, దీనికి తోడు నిఘంటువు కూడ పంపాలె" అని నవ్వింది. సిగ్గుపడి, అచ్చతెలుగులోకి దిగి, రెండో ప్రతిలో ఇలా రాశాను: 'మన తరగతిలో ఒక బాబుకు పల్లీలు పడవు. దయచేసి పల్లీలున్న తినుబండారాలు పంపకండి.' క్లుప్తంగా, నిండుగా ఉందని మురిసిపోయాను కూడా.

కాగితం ఇళ్ళకు వెళ్ళింది. మరుసటి సోమవారమే ఒక డబ్బాలో ఇడ్లీ, పక్కనే పల్లీ చట్నీ. టీచరు మెల్లగా అడిగితే, తీసుకొచ్చిన నాయనమ్మగారు ఇలా అన్నారట: "పడకుంటె ఆ పిలగాడు తినకుంటె సరి. మావోడెందుకు మానాలె? అయినా రోజింత అలవాటు చేస్తె అదే పోతది."

ఆమెను తప్పుపట్టలేకపోయాను. తప్పు నా మాటలో ఉంది. 'పడదు' అన్న క్రియను మనం ఎన్నిటికి వాడతామో చూడండి. అత్తకూ కోడలికీ పడదు. వంకాయ పడదు, దురద వేస్తుంది. చలికాలం పెరుగు పడదు, జలుబు చేస్తుంది. పాలు పడవు, కడుపు ఉబ్బుతుంది. వీటిలో ఏదీ ప్రాణాంతకం కాదు. ఆ నాయనమ్మగారు నా వాక్యాన్ని తెలుగు తెలిసిన మనిషిగా సరిగ్గానే అర్థం చేసుకున్నారు.

పాలు 'పడకపోవడం' సాధారణంగా జీర్ణశక్తికి సంబంధించింది. పాలలోని చక్కెరను విరిచే ఎంజైము తక్కువగా ఉంటే కడుపు ఉబ్బుతుంది. రెండు చెంచాలు తాగితే ఏమీ కాదు, గ్లాసు తాగితే బాధ. అది పరిమాణాన్ని బట్టి ఉంటుంది. అలెర్జీ అది కాదు. శరీర రక్షణ వ్యవస్థ పల్లీలోని ప్రొటీనును శత్రువుగా పొరబడి, రెండోసారి కనబడగానే ఒళ్ళంతా యుద్ధానికి దిగడం అలెర్జీ. ఆ యుద్ధం చర్మం మీద దద్దుర్లుగా కనబడవచ్చు, గొంతులో వాపుగా, ఊపిరిలో పిల్లికూతగా, రక్తపోటు పడిపోవడంగా కూడా రావచ్చు. కొందరిలో దానికి వేలికంటిన చట్నీ పాటి చాలు. అలెర్జీ అన్న పేరును 1906లో పిర్కే అనే వియన్నా వైద్యుడు పెట్టాడు. గ్రీకులో 'అన్య', 'క్రియ' అన్న అర్థాలిచ్చే రెండు మాటలను కలిపాడు. అంటే వేరొక రీతిగా ప్రతిస్పందించడం. నా 'పడదు' కన్నా అతని మాట ఎంత కచ్చితమో!

ఇక 'అలవాటు చేస్తే పోతుంది' అన్న సంగతి. ఇందులో ఆమె సగం సరైనదే చెప్పారు. లండనులో గిడియన్ లాక్ బృందం ఈ విషయాన్ని పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించింది. అలెర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న 640 మంది పసివాళ్ళను, నాలుగు నుంచి పదకొండు నెలల వయసులో తీసుకుని, సగం మందికి పల్లీ ఆహారం క్రమంగా తినిపించారు, మిగిలినవారికి పూర్తిగా మానిపించారు. ఐదేళ్ళు వచ్చేసరికి మానిపించిన వారిలో నూటికి సుమారు 17 మందికి పల్లీ అలెర్జీ తేలింది, తినిపించిన వారిలో సుమారు ముగ్గురికే. కాబట్టి మిగిలిన పిల్లలకు ఇంట్లో పల్లీలు మానిపించనక్కరలేదు, మానిపించకూడదు కూడా. అయితే అది అలెర్జీ రాకముందు మాట. వచ్చేసిన బిడ్డకు ఇంటిదగ్గర 'ఇంత ఇంత' పెట్టి చూడడం నిప్పుతో చెలగాటం. అటువంటి చికిత్స ఉన్నా, వైద్యుల కళ్ళ ముందు కొలతలతో జరగవలసినది.

"మా కాలంల ఇసొంటియి ఏడున్నయి?" అన్న ప్రశ్న కూడా వచ్చింది. న్యాయమైన ప్రశ్నే. కర్ణాటకలో బడి పిల్లలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఆహార అలెర్జీ ఉన్నట్టు తోచినవారు 0.14 శాతం మాత్రమే. వెయ్యిమందిలో ఒకరో ఇద్దరో అన్నమాట. రక్తపరీక్షలో ఏదో ఒక ఆహారానికి గుర్తులు కనబడినవారు మాత్రం అంతకు ఎన్నో రెట్లున్నారు. పరీక్షలో గుర్తు కనబడడం వేరు, తిన్నప్పుడు జబ్బు చేయడం వేరు. మనకు అరుదే, నిజం. కాని ఆ ఒక్కడు ఈ తరగతిలోనే కూర్చున్నాడు.

ఈ భేదం తెలిశాక నిషేధాల జాబితా చిన్నదైంది. మొదట టీచరు భయంతో పల్లీలు, నువ్వులు, జీడిపప్పు, గుడ్డు, శనగపప్పు అన్నీ రాసుకుని వచ్చింది. బాబు తల్లిని అడిగితే, వాడు సకినాలు ఎన్నోసార్లు తిన్నాడు, ఏమీ కాలేదు. కనుక నువ్వులు నిర్దోషులు. గుడ్డూ, శనగపప్పూ అంతే. వైద్యులు వద్దన్నది పల్లీలను మాత్రమే. కారణం లేని నిషేధం నాలుగు రోజులు నిలవదు, అది పోతూ కారణమున్న నిషేధాన్ని కూడా వెంట తీసుకుపోతుంది.

కాని పల్లీ ఒక్కటే అనుకుంటే అది ఎక్కడెక్కడ దాగి ఉందో! పల్లీ పట్టీ, ఉండ కంటికి కనబడతాయి. ఇడ్లీ చట్నీలో, పులిహోరలో, మిక్చరులో, వంకాయ కూర ముద్దలో, అటుకుల పోపులో అది మారువేషంలో ఉంటుంది. వేయిస్తే దోషం పోదు. నూనె మాటేమిటంటే, బాగా శుద్ధి చేసిన పల్లీ నూనెలో ప్రొటీను దాదాపు ఉండదు, గానుగ నూనెలో మిగిలి ఉంటుంది. గానుగ నూనె ఆరోగ్యమని కొనేవారు ఇప్పుడు మళ్ళీ పెరిగారు గనుక ఆ మాట ప్రత్యేకించి రాయవలసి వచ్చింది. కొన్న పొట్లాల మీద పల్లీ ఉంటే తెలపాలని మన దేశపు 2020 నాటి లేబులు నిబంధనలు చెబుతున్నాయి. మిఠాయి కొట్టులో విడిగా తూచి ఇచ్చే కాగితం పొట్లానికి లేబులు ఎక్కడిది? అందుకే విడి మిక్చరు వద్దన్నాం.

ఈ నియమం నర్సరీకే ఎందుకు, పెద్ద తరగతులకెందుకు లేదని ఒక తండ్రి అడిగాడు. పల్లీ వాసన పీల్చినంత మాత్రాన ప్రమాదం రాదు. చర్మానికి తగిలితే సాధారణంగా తగిలినచోటే దద్దురు లేస్తుంది. నోట్లోకి వెళ్ళడమే అసలు ప్రమాదం. మూడు నాలుగేళ్ళవారి చేతులు ఎప్పుడూ నోట్లోనే ఉంటాయి. ప్రేమ పుడితే సగం కొరికిన ముక్కను స్నేహితుడి నోట్లో పెడతారు. 'నాకిది వద్దు' అని చెప్పే తెలివి పదేళ్ళవాడికి ఉంటుంది, నాలుగేళ్ళవాడికి ఉండదు. మరొక సంగతి: తిన్నాక చేతులు సబ్బుతో, నీళ్ళతో కడగాలి. సీసాలోని శానిటైజరు క్రిములను చంపుతుందేమో గాని పల్లీ ప్రొటీనును తొలగించదు.

చివరికి నిలిచిన ప్రతి ఇది:

'మన తరగతిలో ఒక బిడ్డకు పల్లీల వల్ల ఊపిరాడక ప్రాణాపాయం కలగవచ్చు. ఇది అరగకపోవడం కాదు, ఇష్టం లేకపోవడం కాదు. వేలికంటినంత చాలు. కనుక బడికి పంపే డబ్బాలో పల్లీలు, పల్లీ చట్నీ, పల్లీ పొడి, పల్లీలున్న సర్వపిండి, విడి మిక్చరు, గానుగ పల్లీ నూనెతో చేసినవి పెట్టకండి. సకినాలు, మురుకులు, ఉడికించిన గుడ్డు, పండ్లు, పల్లీలు లేని అటుకులు పంపవచ్చు. ఇంట్లో మీ పిల్లలకు పల్లీలు మానిపించకండి. ఉదయం ఇంట్లో తినివుంటే చేతులూ మూతీ సబ్బుతో కడిగి పంపండి. పొరపాటున పెట్టి పంపితే దాచకండి, టీచరుకు చెప్పండి. ఎవరూ కోప్పడరు.'

ఆఖరి రెండు వాక్యాలూ టీచరు చేర్చింది. నా వాక్యాలన్నిటికన్నా అవే మేలైనవి.

టీచరు గోడకు అంటించుకున్న చీటీ మరొకటి ఉంది. దద్దుర్లతో పాటు దగ్గు, గొంతు బొంగురు, ఊపిరి ఇబ్బంది, పదేపదే వాంతి, సోలిపోవడం, వీటిలో ఏది కనబడినా ఆగి చూడకూడదు. అలెర్జీ మాత్ర దురదను తగ్గిస్తుంది గాని ప్రాణం నిలిపేది తొడకిచ్చే ఎడ్రినలిన్ ఇంజెక్షనే. కనుక మాత్ర వేసి ఎదురుచూడకుండా 108కి ఫోను చేసి, ఇంజెక్షను వెంటనే ఇవ్వగల అతి దగ్గరి ఆసుపత్రికి చేర్చాలి. బిడ్డను నడిపించకూడదు, పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచాలి. ఆయాసపడుతుంటే కూర్చోనివ్వాలి. తేరుకున్నా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉంచాలి, లక్షణాలు తిరగబెట్టవచ్చు.

రెండో కాగితం వెళ్ళిన వారానికి ఆ నాయనమ్మగారు స్వయంగా బడికి వచ్చారు. చేతిలో సర్వపిండి డబ్బా. "పల్లీలెయ్యలేదు బిడ్డా, శనగపప్పే ఎక్కువేసిన. ఆ పిలగానికీ ఒక ముక్క పెట్టు" అన్నారు. టీచరు తీసుకుని, పిల్లలందరికీ పంచి, ఆ బాబుకు మాత్రం వాళ్ళమ్మ పంపిన డబ్బాయే తెరిచి ఇచ్చింది. పల్లీలు పొడి కొట్టిన మిక్సీలోనే మిరపకాయలూ నూరి ఉండవచ్చు కదా! ఆ సంగతే ఆమెకు విడమరచి చెప్పింది. ముసలమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "అవునే, నిన్న గా గిన్నెలనే చట్నీ నూరిన" అన్నారట.

నిన్న నేను అటుగా వెళుతూ తలుపు దగ్గర నిలబడి చూశాను. మధ్యాహ్నపు వేళ పిల్లలందరూ వరుసగా నిలబడి, సబ్బు నురగతో ఆడుకుంటూ చేతులు కడుక్కుంటున్నారు. ఆ వరుసలో ఆ బాబు ఎవరో నేను గుర్తుపట్టలేకపోయాను.