దగ్గితే పొంగే గజ్జ

మార్కెట్ యార్డులో ధాన్యం బస్తాలు మోసే యాభయ్యేళ్ల హమాలీ ఒకరు దగ్గు మందు కోసం నా వద్దకు వచ్చేవారు. ఛాతీ పరీక్షించి, మందు రాసి, బీడీ మానమని చెప్పి పంపేవాడిని. కుడి గజ్జలో రెండేళ్లుగా నిమ్మకాయంత ఉబ్బు ఉన్నదని ఆయన సిగ్గుపడి చెప్పలేదు, నేను అడగలేదు. అడగకపోవడమే నా తప్పు.

గజ్జ వద్ద కడుపు గోడలో ఒక సన్నని మార్గం ఉంటుంది. పురుషులలో వృషణానికి చేరే నాళాలు అందులో నుంచే వెళతాయి. ఆ చోటు బలహీనపడితే, దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు లోపలి ఒత్తిడికి పేగు గాని, కొవ్వు గాని బయటికి తోసుకువస్తుంది. ఇదే హెర్నియా. పడుకుంటే చాలావరకు లోపలికి జారిపోతుంది. కనుక పడుకోబెట్టి చూస్తే కనిపించకపోవచ్చు. నిలబడి, దగ్గి చూపించండి.

ఒక సాయంత్రం బస్తా ఎత్తగానే ఆయన ఉబ్బు గట్టిపడింది. పడుకున్నా లోపలికి పోలేదు. ఇంట్లోవారు కాపడం పెట్టారు, చేత్తో బలంగా నొక్కారు. తెల్లవారేసరికి వాంతులు మొదలై, కడుపు ఉబ్బి, అపానవాయువు సైతం ఆగిపోయింది. ఆపరేషన్‌లో చూడగా పేగు ఉరి పడినట్లు బిగుసుకొని, రక్తం అందక నల్లబడి ఉంది. జానెడు పేగు తీసివేయవలసి వచ్చింది. ప్రాణం దక్కింది గాని, నెలల తరబడి బస్తా ముట్టలేకపోయారు. ముందే వచ్చి ఉంటే వల అమర్చే మామూలు ఆపరేషన్‌తో పోయేది.

ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి నొప్పి పెడుతున్నా, దానిపై చర్మం ఎర్రబారినా, వాంతులైనా తెల్లవారే దాకా ఆగకండి. బలంగా నొక్కవద్దు, ఏమీ తినకుండా, తాగకుండా వెంటనే ఆపరేషన్ సౌకర్యమున్న ఆసుపత్రికి వెళ్లండి. పేగు చచ్చుబడటానికి కొన్ని గంటలే చాలు.

నొప్పి లేని చిన్న ఉబ్బయితే అంత తొందర లేదు. పురుషులలో కొందరికి డాక్టరు పర్యవేక్షణలో కొంతకాలం వేచి ఉండవచ్చును. స్త్రీలకు, పసిపిల్లలకు ఆ వెసులుబాటు తక్కువ. వారిలో పేగు బిగుసుకునే ప్రమాదం ఎక్కువ కనుక త్వరగా చూపించాలి. బెల్టు ఉబ్బును అదిమి ఉంచుతుందే తప్ప రంధ్రాన్ని పూడ్చదు. దీర్ఘకాలపు దగ్గు, మలబద్ధకం, మూత్రానికి ముక్కవలసి రావడం ఉంటే వాటికీ వైద్యం చేయించుకోవాలి. లేకుంటే కుట్టిన చోటే మళ్లీ ఒత్తిడి పడుతుంది.

ఆ తరువాత దగ్గుతో వచ్చిన ప్రతి కష్టజీవినీ ఒక ప్రశ్న అడిగేవాడిని: “దగ్గినప్పుడు గజ్జలో ఏమైనా పొంగుతున్నదా?” మిమ్మల్ని ఎవరూ అడగకపోయినా, మీరే చెప్పండి.