ముందూ వెనకా ఒకటే

"మూడక్షరాలు, ఎటు చదివినా ఒకటే" అని తప్ప పజిల్‌లో ఇంకే క్లూ లేదా? చివరి నుంచి మొదలుపెట్టండి. మన మాటలు చాలా కు, పు, ము, లు లాంటి అక్షరాలతోనే ముగుస్తాయి కదా! అదే అక్షరాన్ని మొదటి గడిలోనూ వేసి, నడిమి గడి ఒక్కటే మార్చి చూడండి. పు, పు మధ్య లు పెడితే పులుపు. కు, కు మధ్య ను పెడితే కునుకు. కిటికీ మాత్రం కుదరదు, చివర దీర్ఘం ఉంది.

ఐదక్షరాలైతే మొదటి మూడే వెతకాలి. వికట దొరికితే కవి దానంతటదే వస్తుంది.

మా అమ్మాయి వికటకవిని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి వెనక్కి చదివింది. "ఇవకటకివ్" అని వచ్చింది. "తప్పమ్మా!" అంది. తెలుగులో రాసి చూపించాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, రెండువైపుల నుంచీ చదివింది. ఇప్పుడు గుణింతం నేర్పమంటోంది.