అడగాల్సింది పని గురించి

ఆఫీసు కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసిన ఫైలు నొక్కితే `This app has been blocked by your system administrator` అని వస్తుంది. ఫైలు పాడైందేమోనని మళ్లీ డౌన్‌లోడ్ చేసేవాళ్లని, పేరు మార్చి చూసేవాళ్లని, పెన్‌డ్రైవ్‌లో తెచ్చేవాళ్లని చాలామందిని చూశాను. ఏదీ పనిచేయదు.

స్టాండర్డ్ యూజర్‌కి ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో రాసే హక్కు ఉండదు, అందుకే మామూలు ఇన్‌స్టాలర్ అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. కొన్ని మాత్రం పాస్‌వర్డ్ అడక్కుండా యూజర్ సొంత ఫోల్డర్‌లోనే దిగిపోతాయి. గ్రూప్ పాలసీ ద్వారా పెట్టే యాప్‌లాకర్ వాటినీ ఆపుతుంది. దాని డిఫాల్ట్ రూల్స్ ప్రకారం మామూలు యూజర్ నడపగలిగేది ప్రోగ్రామ్ ఫైల్స్‌లో, విండోస్ ఫోల్డర్‌లో ఉన్న ప్రోగ్రామ్‌లనే. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, పెన్‌డ్రైవ్ ఆ గీతకి బయటే.

మా సెక్షన్‌లో ఒకమ్మాయికి తెలుగు టైపింగ్ టూల్ ఇలాగే బ్లాకయింది. ఆమె ఐటీ వాళ్లకి పంపిన మెయిల్ నాకు బాగా నచ్చింది:

"సర్, గురువారానికల్లా తెలుగు లెటర్లు యూనికోడ్‌లో టైప్ చేసి పంపాలి. నాకు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడమే వచ్చు. అందుకోసం ఒక టూల్ పెట్టబోతే బ్లాకయింది. పేరు, వెర్షన్ కనిపించేలా స్క్రీన్‌షాట్ జత చేశాను. అదే కావాలని కాదు. ఈ పనికి మన ఆఫీసులో అనుమతి ఉన్నది ఏదైనా ఉంటే చెప్పండి. లేకపోతే ఎవరి అప్రూవల్ తీసుకోవాలో చెప్పగలరు."

"ఈ టూల్ పెట్టండి" అని మాత్రమే రాసి ఉంటే, కాదనడానికి వాళ్లకి గట్టి కారణమే ఉంది. టైపింగ్ టూల్ మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ చూడగలదు, అందులో పాస్‌వర్డ్‌లూ ఉండొచ్చు. ఊరూపేరూ తెలియని టూల్‌ని అక్కడ ఎవరు కూర్చోబెడతారు? ఆమె పనేమిటో చెప్పింది కాబట్టి జవాబు వేరేగా వచ్చింది. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ ఉంది. సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్ కింద తెలుగు చేర్చి, దాని ఆప్షన్స్‌లో Telugu Phonetic ఎంచుకుంటే చాలు. విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కితే భాష మారుతుంది. నిర్మలా ఫాంట్ సిస్టమ్‌లోనే ఉంటుంది కాబట్టి అక్షరాలు డబ్బాలుగా కనపడవు.

ఫొనెటిక్ స్పెల్లింగ్ ఆమెకి అలవాటైన టూల్‌తో అన్నిచోట్లా కలవదు, ఒత్తుల దగ్గర మొదట్లో వేళ్లు తడబడతాయి. పైగా పాత అను ఫాంట్లలో ఉన్న ఫైళ్లని ఈ కీబోర్డ్ యూనికోడ్‌లోకి మార్చదు. దానికి కన్వర్టర్ కావాలి. అందుకని ఆమె ఒక పాత ఫైలు నమూనాగా జత చేసి, ఇంకో మెయిల్ విడిగా పెట్టింది.