బడి కతలు – 7: ఇరవై శాతం రాయితీ, నాలుగు నెలల మిత్తి

మే నెల చివర్ల టేక్మాల్‌కు పోయిన. మా చిన్నాయన బిడ్డ ఒక కాయితం పట్టుకొని వచ్చింది. కొడుకు పక్క పట్నంల ఒక ప్రైవేటు బడిలో చదువుతుండు. ఇప్పుడు నాలుగో తరగతి. ఈసారి బిడ్డను కూడా అదే బడిలో ఒకటో తరగతిల వెయ్యాలని చూస్తున్నది.

"అన్నా, రెండో పిల్లకు ఇరవై శాతం రాయితీ అంటున్నరు. పిల్లగానికి ఇరవై నాలుగు వేలు, పిల్లకు పద్దెనిమిది వేలు. రాయితీ పోను ముప్పై మూడు వేల ఆరొందలు. కష్టపడితే కట్టొచ్చు గదా?"

ఆమె లెక్కల తప్పు లేదు. 42,000లో ఇరవై శాతం తీసేస్తే 33,600. తప్పంతా ఆమెకు చెప్పిన మాటల ఉన్నది. ఇరవై శాతం అన్నరు గని దేని మీద అన్నది చెప్పలేదు.

మరునాడు ఇద్దరం బడికి పోయినం. ఏడాదికి మొత్తం ఎంతయితదో ఒక్క కాయితం మీద రాసియ్యమని అడిగిన. "అట్ల ఎవరూ అడగరు సార్" అన్నడు మేనేజరు. మేం అడుగుతున్నం అన్న. రాసినంక తెలిసింది: రాయితీ ఇద్దరికి కాదు, చిన్నపిల్లకే. అదీ ట్యూషన్ ఫీజు మీదనే. అంటే పద్దెనిమిది వేలల్ల ఇరవై శాతం, 3,600. బస్సుకు, పుస్తకాలకు, యూనిఫాంకు రాయితీ లేదు.

బస్సుకు ఒక్కొక్కరికి నెలకు వెయ్యి, పది నెలలు. ఇద్దరికి 20,000. యూనిఫాం అంటే రోజువారీవి రెండు జతలు, శనివారానికి తెల్లది ఒక జత, బూట్లు, టై, బెల్టు. ఇద్దరికి 8,000. పుస్తకాలు, నోటుబుక్కులు ఇంకో 8,000. కొత్తగా చేరే పిల్లకు అడ్మిషన్ 2,000. ట్యూషన్ 42,000తో కలిపితే 80,000. రాయితీ పోతే 76,400. ఇరవై శాతం అన్నది మొత్తం మీద చూస్తే నాలుగున్నర శాతమే అయింది.

అంతకన్న పెద్ద మెలిక తేదీలల్ల ఉన్నది. ట్యూషన్ మూడు టర్ములు. జూన్‌ల మొదటి టర్ము 14,000, అడ్మిషన్ 2,000, పుస్తకాలు, యూనిఫాం కలిపి 16,000, బస్సు సగం 10,000. మొత్తం 42,000. ఏడాది మొత్తానికి అంత కూడా కాదనుకున్నది మా చెల్లె. అది జూన్ ఒక్క నెలకే. రాయితీ మాత్రం చివరి టర్ముల కోస్తరు. నడుమ ఏ టర్మయినా తేదీ దాటి కడితే అది కూడా రాదు.

జూన్‌ల కూలోళ్ల ఇంట్ల పైసలు ఎక్కడుంటయి? నాట్లు ఇంకా మొదలుకావు. ఆమె దగ్గర 12,000 ఉన్నయి. మిగిలిన 30,000 నూటికి మూడు రూపాయల మిత్తికి తేవాలె. నెలకు 900. నాలుగు నెలలకు 3,600. అంటే బడి చివర్ల ఇస్తానన్న రాయితీ మొత్తం దసరా నాటికే మిత్తికి పోతది.

ఇంటికి వచ్చేటప్పుడు చెల్లె మెల్లగ అన్నది: "అయితే పిల్లను ఊరి సర్కారు బడిలనే ఉంచుతనే. పిల్లగాడు చదివితే సాలు."

నాకు గుండె కలుక్కుమన్నది. సర్కారు బడి తక్కువదని కాదు. నేను చదివింది అక్కడనే. అక్కడ పుస్తకాలు, రెండు జతల బట్టలు, మధ్యాహ్నం బువ్వ ఉత్తగనే వస్తయి. కని లెక్క తప్పినప్పుడల్లా మన ఇండ్లల్ల ముందు వెనక్కి జరిగేది ఆడపిల్లనే. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడులల్ల మొదటి తరగతి సీట్లల్ల పావు వంతు బలహీన వర్గాల, అణగారిన వర్గాల పిల్లలకు ఉచితంగ ఇయ్యమన్నది. మన దగ్గర అది ఏండ్ల తరబడి కాయితం మీదనే ఉండిపోయింది. ఆ హక్కు అందని చోట మనకు రాయితీ చూపిస్తున్నరు.

మళ్ల పోయినం. ఫీజు తగ్గించమని అడగలేదు. రెండే అడిగినం. రాయితీని మూడు టర్ములల్ల 1,200 చొప్పున ముందునుంచే కోయాలె. బస్సు పైసలు నెలనెలా కట్టనియ్యాలె. చాలాసేపటికి ఒప్పుకొని, రాసి సంతకం పెట్టిచ్చిండు. జూన్ కట్టుడు 32,800కు దిగింది. అప్పు 30,000 నుంచి 20,800 అయింది. ఏడాది మొత్తం మాత్రం అదే 76,400. అది నేను దాచలేదు. భార్యాభర్తలిద్దరు రాత్రంతా మాట్లాడుకొని పిల్లను కూడా చేర్చిన్రు.

ఫీజు కట్టేముందు మీరు కూడా నాలుగు ముక్కలు రాయించుకోండ్రి: రాయితీ ఏ పిల్లకు, ఏ ఫీజు మీద, ఏ టర్ముల కోస్తరు, ఏం జరిగితే పోతది. బస్సు పది నెలలా, పన్నెండా అన్నది కూడా అడగుండ్రి. ప్రతి కట్టుబడికి రసీదు తీసుకోండ్రి.

మా చెల్లె ఆ కాయితం రసీదులతోని కలిపి బియ్యం డబ్బాల పెట్టింది. రెండో టర్ము తేదీ చుట్టు క్యాలెండర్ల సున్న చుట్టింది. ఆమెకు చదువు రాదు, కని ఆ అంకె మాత్రం గుర్తుపడతది.

జై భీమ్.