రెండు వేల గంటల్లో సగం ఎటు పోయాయి?

విజయవాడ బెంజి సర్కిల్‌కు కాస్త ఎడంగా, ఒక షాపింగ్ కాంప్లెక్స్ మూడో అంతస్తులో ఉంది ఆ కోవర్కింగ్ ఆఫీసు. కుర్చీకి నెలకు ఆరు వేలు అద్దె. నెట్, ఏసీ, టీ అందులోనే. కూర్చునేవాళ్లలో ఎక్కువమంది సొంతంగా పని చేసుకునే కుర్రకారు. వెబ్‌సైట్లు కట్టేవాళ్లు, వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు, ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లు. నెలకోసారి శనివారం పూట ఒక ఆడిటర్ మేడమ్ వచ్చి మీటింగ్ గదిలో కూర్చుంటారు. ఈ సలహాలకు ఫీజు తీసుకోరు. రిటర్నుల సీజన్ కాని రోజుల్లో అక్కడ జరిగే ముచ్చటంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుందని విని, చూద్దామని వెళ్లాను. గంటకు ఎంత అడగాలన్నదే ఆ ప్రశ్న.

నేను వెళ్లేసరికి గుంటూరు నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడి వంతు నడుస్తోంది. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఏడాది కూడా కాలేదు. అక్కడ నెలకు లక్ష చేతికొచ్చేది, ఇక్కడా అంతే రావాలంటాడు. లెక్క తనే వేసుకొచ్చాడు. ఏడాదికి 12 లక్షలు. నెలకు 22 రోజులు, రోజుకు 8 గంటలు, అంటే ఏడాదికి 2,112 గంటలు. భాగిస్తే గంటకు 568 రూపాయలు. "ఓ రెండు రూపాయలు కలిపి 570 అడుగుతున్నాను మేడమ్. పని మాత్రం చేతినిండా ఉంది. డబ్బే సరిపోవట్లేదు" అన్నాడు.

మేడమ్ ఆ కాగితం వంక చూడనైనా లేదు. "డైరీ ఏమైనా రాస్తున్నావా బాబూ?" అని అడిగారు.

రాస్తున్నాడు. అదే అతన్ని కాపాడింది. గళ్ల నోటుబుక్కులో ప్రతి రోజూ ఏ గంట ఏం చేశాడో రాసుకున్నాడు. మేడమ్ ఒక వారం పేజీ తీసి, బిల్లులోకి ఎక్కిన గంటలకు మాత్రమే నీలం పెన్నుతో టిక్కులు పెట్టమన్నారు. సోమవారం ఆరు గంటలు. మంగళవారం రెండు గంటలు కొటేషన్ తయారీకి, గంటన్నర ఒక కొత్త పార్టీతో ఫోనుకు పోయాయి. ఆ పార్టీ తర్వాత పత్తా లేదు. టిక్కు పడింది మూడున్నర గంటలకే. బుధవారం ఏడు. గురువారం ఇన్‌వాయిస్‌లు పంపడం, పాత బాకీలు అడగడం, ల్యాప్‌టాప్ మొరాయిస్తే సర్వీస్ సెంటర్‌కు తిరగడం పోగా నాలుగు. శుక్రవారం నాలుగున్నర. వారమంతా ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా కుర్చీలోనే ఉన్నాడు. డబ్బులొచ్చేది మాత్రం 25 గంటలకు. సగటున రోజుకు అయిదు.

అతను ఆ పేజీని కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఇంకో మూడు వారాలు తిరగేసి చూశారు. ఒకటి 23, ఒకటి 27, ఒకటి మళ్లీ 25. అయిదే ఖాయం చేశారు.

తర్వాత బోర్డు మీద రోజుల లెక్క. ఏడాదికి 365 రోజుల్లో శని, ఆదివారాలు 104 పోతే 261. పనిదినాల్లో పడే పండుగలు, జాతీయ సెలవులు ఓ పది. ఊరికి, పెళ్లిళ్లకు, తిరుపతికి పదిహేను. జ్వరాలకీ జలుబులకీ ఆరు. మిగిలింది 230. ఉద్యోగంలో ఈ 31 రోజులకూ జీతం వచ్చేది కాబట్టి ఎవరూ లెక్కపెట్టుకోరు. ఇక్కడ ఆ రోజుల జీతం కూడా పనిచేసిన రోజులే మోయాలి.

ఆపైన ఖాళీ రోజులు. ఒక ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి మొదలవడానికి మధ్య పడే సందు. ఇవి ఏడాది పొడవునా సమంగా పడవు. సంక్రాంతి వారంలో ఇక్కడి పార్టీలు ఫోన్లు ఎత్తవు, డిసెంబరు చివర అమెరికా వాళ్లు మెయిళ్లు చూడరు. కుర్రాడు గడిచిన నెలలు గుర్తు చేసుకుని ఏడాదికి ముప్ఫై రోజులన్నాడు. మిగిలినవి 200 రోజులు. రోజుకు అయిదు గంటల చొప్పున వెయ్యి గంటలు. అతను రాసుకొచ్చిన 2,112లో సగం కూడా లేవు.

ఇక డబ్బు వైపు. 12 లక్షలు ఇంటి ఖర్చుకే అన్నాడు కాబట్టి, కంపెనీ ఇన్నాళ్లూ పెట్టిన ఖర్చులు పైన కలపాలి. కుటుంబానికి ఆరోగ్య బీమా ప్రీమియం 30 వేలు. పీఎఫ్ లాంటిది ఇక ఎవరూ కట్టరు కాబట్టి ముసలితనానికి దాచుకునేది 1,20,000. అంటే పన్ను కట్టాక చేతిలో మిగలాల్సింది 13,50,000. పని ఖర్చులు విడిగా: కుర్చీ అద్దె 72 వేలు, సాఫ్ట్‌వేర్ చందాలు 36 వేలు, మూడేళ్లకోసారి కొనాల్సిన 90 వేల ల్యాప్‌టాప్‌లో ఏడాది వాటా 30 వేలు, ఇంటి నెట్ 12 వేలు, ఫోను, తిరుగుళ్లు 15 వేలు, ఆడిటర్ ఫీజు 15 వేలు. మొత్తం 1,80,000. "నా ఫీజు కూడా రాశాను, చూసుకో" అన్నారు మేడమ్ నవ్వుతూ.

పన్ను దగ్గర అతను అడ్డుపడ్డాడు. "12 లక్షల దాకా పన్ను లేదు కదా మేడమ్?" నిజమే. 2025-26 నుంచి కొత్త విధానంలో పన్ను వేయదగిన ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల కట్టేదేమీ ఉండదు. దాటితే మాత్రం మొదటి 4 లక్షల తర్వాతి నుంచి శ్లాబుల లెక్కే: 4 నుంచి 8 దాకా 5 శాతం, 12 దాకా 10 శాతం, 16 దాకా 15 శాతం, వచ్చిన పన్ను మీద 4 శాతం సెస్సు. బీమాకు, దాచుకునేదానికి ఈ విధానంలో మినహాయింపు రాదు. అందుకే ఆ రెండింటినీ పన్ను పోగా మిగిలే డబ్బులో కలిపారు.

చాలామంది ఇక్కడే తప్పుతారు. 13.5 లక్షలకు పన్ను ఎంతో లెక్కగట్టి పైన కలిపేస్తారు. కలిపిన ఆ మొత్తం మీద కూడా పన్ను పడుతుంది కదా! కాబట్టి కింది నుంచి పైకి వెతుక్కుంటూ పోవాలి. మేడమ్ ముందు 15 లక్షలు వేసి చూశారు. పన్ను 1,09,200 పోతే మిగిలేది 13,90,800, అవసరానికి మించింది. పధ్నాలుగున్నర వేస్తే 1,01,400 పోయి 13,48,600, కొద్దిగా తక్కువ. 14,52,000 దగ్గర సరిపోయింది. దానికి పని ఖర్చులు 1,80,000 కలిపితే 16,32,000. వేసిన బిల్లులన్నీ వసూలు కావు కాబట్టి నూటికి అయిదు పోతాయనుకుని 0.95తో భాగిస్తే దాదాపు 17,18,000. వెయ్యి గంటలకు పంచితే గంటకు 1,718. అతను అడుగుతున్న 570కి ఇది మూడింతలు.

కుర్రాడికి నోట మాట రాలేదు. తేరుకున్నాక అడిగిన ప్రశ్న మాత్రం మంచిదే. "పన్ను తగ్గించుకుంటే రేటు తగ్గదా?"

చట్టంలో ఇన్నాళ్లూ 44ఏడీఏ పేరుతో నడిచిన వెసులుబాటు గురించి అతను అడుగుతున్నాడు. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, ఐటీ వాళ్లు లాంటి కొన్ని వృత్తులకే అది వర్తిస్తుంది. రాబడి 50 లక్షల లోపు ఉంటే (నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 75 లక్షలు) అందులో సగాన్నే ఆదాయంగా చూపవచ్చు. ఇతని 17 లక్షల్లో సగమంటే తొమ్మిది లక్షల లోపే, రిబేటు వల్ల పన్ను సున్నా. మేడమ్ కాదనలేదు. అయితే దాన్ని రేటులోకి ఎక్కించవద్దన్నారు. మొదటి కారణం, పన్ను మొత్తం తీసేసినా గంట రేటులో తగ్గేది 107 రూపాయలే. రెండోది, రేపు ఇల్లు కొనుక్కోవడానికి బ్యాంకుకు వెళితే వాళ్లు చూసేది రిటర్నులో రాసిన ఆదాయం. ఎనిమిదిన్నర లక్షలు చూపినవాడికి పధ్నాలుగున్నర లక్షల మనిషికిచ్చినంత లోను ఇవ్వరు. "మిగిలితే మిగలనీ. దాన్ని ఖాళీ నెలలకు దాచుకో. మిగులుతుందని ముందే తగ్గించి చెప్పకు."

నాకు ఎక్కువ కొట్టొచ్చినట్టు కనిపించింది ఆ తర్వాతి లెక్క. పన్ను లెక్క ముట్టుకోకుండా, ఖాళీ రోజులు ముప్ఫై నుంచి అరవైకి మార్చారు. గంటలు 850కి పడ్డాయి, రేటు 2,021 అయింది. ఖాళీ రోజులు ముప్ఫైకి తెచ్చి, రోజుకు అయిదు గంటల బదులు నాలుగు వేస్తే 2,147. పన్ను తేగలిగిన తేడా నూటేడు రూపాయలు, ఒక్క గంట జారితే తేడా నాలుగు వందల పైమాట. బయట చర్చలన్నీ పన్ను గురించే ఎందుకో నాకైతే అంతుపట్టలేదు. బహుశా టీడీఎస్ కంటికి కనిపిస్తుంది కాబట్టి కావచ్చు. కంపెనీలు బిల్లులో 10 శాతమో, సాంకేతిక సేవల కింద 2 శాతమో పట్టుకుని ఇస్తాయి. అది ముందుగా కట్టిన పన్ను మాత్రమే, రిటర్నులో సర్దుబాటవుతుంది. అందరూ 10 శాతం పట్టుకుంటే మాత్రం ఏడాది చివరికి లక్షా డెబ్బై వేలు ప్రభుత్వం దగ్గర ఉండిపోతాయి, అతని అసలు పన్ను లక్ష చిల్లర. మిగతాది రిఫండుగా వచ్చేదాకా ఇల్లు గడవడానికి చేతిలో డబ్బుండాలి. రేటు సరిగ్గా ఉన్నవాళ్లు కూడా ఆ లోపు అప్పు చేస్తారట.

జీఎస్టీ గురించి రెండు మాటలే మాట్లాడారు. సేవలకు ఏడాది బిల్లులు 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. రేటును 1,750కి సర్ది 1,143 గంటలు బిల్లు చేస్తే ఆ గీత దాటినట్టే. అప్పటి నుంచి 18 శాతం కలిసి 2,065 అవుతుంది. జీఎస్టీ ఉన్న కంపెనీకి అది ఇన్‌పుట్ క్రెడిట్‌లో తిరిగొస్తుంది, సొంతింటి పని చేయించుకునేవాడికి రాదు. అందుకే కొటేషన్‌లో "వర్తిస్తే జీఎస్టీ అదనం" అన్న ముక్క మొదటి రోజు నుంచే ఉండాలన్నారు.

కుర్రాడు 1,750 దగ్గర ఆగాడు. పాత పార్టీలు ఒక్కసారిగా మూడింతలు ఇవ్వవని అతనికీ తెలుసు. వాళ్లకు ఒప్పుకున్న పని పాత రేటుకే పూర్తి చేసి, కొత్త కొటేషన్లన్నీ ఈ అంకెతో పంపుతానన్నాడు. ఈ అంకెను బజారు ఒప్పుకోకపోతే ఏం చేయాలని నేను అడిగాను. "అప్పుడు రేటు కాదండీ, 12 లక్షలన్న కోరికనో, ఆ మూడు బిల్లు పడని గంటలనో తగ్గించుకోవాలి. గంటకు ఇంత రాకపోతే ఏడాదికి అంత రాదు, అంతే" అన్నారు మేడమ్.

సొంతంగా పనిచేసే పాఠకులు ఎవరైనా ఈ లెక్క వేసుకోబోతే, నా మాటగా ఒక్కటి. రోజుకు అయిదు గంటలన్నది ఆ కుర్రాడి నోటుబుక్కులోంచి వచ్చిన అంకె, మీది కాదు. ముందు నాలుగు వారాలు మీ గంటలు రాసి పెట్టుకోండి. రేటు ఆ తర్వాత వేయండి.