బుధవారం ఏడింటికి, ఏమంటారు?

వారం వారం జరిగే టీమ్ మీటింగ్ వేళ మార్చడానికి ఇంత ఆలోచనెందుకు, కేలెండర్‌లో కాస్త జరిపితే పోదా అంటారా? ఒక్క వారానికైతే పోతుంది. ఎప్పటికీ అలాగే ఉండాలంటే మాత్రం కాసేపు మాట్లాడుకోవాల్సిందే.

మా సంగతే చూడండి. హైదరాబాద్‌లో ఎక్కువమందిమి, న్యూయార్క్‌లో ఇద్దరు. మీటింగ్ మంగళవారం, అక్కడి టైము ప్రకారం పొద్దున పదింటికి. వేసవిలో మనకి అది రాత్రి ఏడున్నర. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, మనం తిప్పం. అంతే, మార్చి రెండో ఆదివారం దాకా మనకి ఎనిమిదిన్నర. పిల్లలకి అన్నం పెట్టే వేళ అది. కొందరు ఇంటికెళ్తూ క్యాబ్‌లోంచే మీటింగ్‌లోకి వచ్చేవాళ్ళు, హారన్ల మధ్య వాళ్ళ మాటలు సగమే వినిపించేవి.

అందుకని బుధవారం సాయంత్రం ఆరున్నర, మన టైముకి అనుకున్నాను. ఇక్కడే జాగ్రత్తండీ: ఇన్విటేషన్ ఏ ఊరి టైమ్‌జోన్‌లో పెడితే ఆ ఊళ్ళోనే వేళ స్థిరంగా ఉంటుంది, గంట తేడా అవతలివాళ్ళు మోస్తారు. కాబట్టి మెసేజీలో రెండూ రాశాను: న్యూయార్క్‌లో వేసవిలో తొమ్మిది, చలికాలంలో ఎనిమిది. ఆ రెండో అంకె రాయకపోతే అభ్యంతరం చెప్పాల్సినవాళ్ళకి అదుందనే తెలియదు.

ఇక అడగడం. "అందరికీ ఓకేనా?" అని గ్రూపులో పెడితే బొటనవేళ్ళు తప్ప ఏమీ రావు. కొత్తగా చేరిన కుర్రాడు మేనేజరు ముందు కుదరదంటాడా, పాపం? అందుకే ఇలా రాశాను: "ఈ వేళ ఎవరికి కుదరదు, ఏ పని అడ్డొస్తుంది? నాకు విడిగా చెప్పినా సరే. శుక్రవారం సాయంత్రం దాకా చూస్తాను, అప్పటిదాకా పాత వేళే." ఆలోపు కేలెండర్ ముట్టుకోలేదు. కొత్త ఇన్విటేషన్ కనబడిందంటే, అయిపోయిన నిర్ణయానికి మాటెందుకని ఊరుకుంటారు.

గురువారం న్యూయార్క్ నుంచి ఒకావిడ విడిగా రాశారు: చలికాలంలో ఎనిమిదంటే పాపని బడిలో దింపే సమయం, ఎనిమిదింబావుకి గాని ఖాళీ అవదు. అరగంట జరిపి మనకి ఏడు చేస్తే ఆవిడకి చలికాలంలో ఎనిమిదిన్నర, వేసవిలో తొమ్మిదిన్నర. ఇక్కడివాళ్ళని మళ్ళీ అడిగాను, ఏడంటే ఎవరూ కాదనలేదు. శనివారం పాత మీటింగుని This and following events ఎంచుకుని తీసేశాను. పాత వారాల నోట్సు ఉన్నచోటే ఉన్నాయి. ఆపైన కొత్తది హైదరాబాద్ టైములో పెట్టి, ఎందుకు ఆరున్నర ఏడైందో అందరికీ రాశాను, ఆవిడ పేరు మాత్రం ఎత్తకుండా. నవంబర్‌లో గడియారాలు మారాక మళ్ళీ అడుగుతానని కూడా చెప్పాను. ఎనిమిదిన్నర ఆవిడకి నిజంగా సరిపోతుందో లేదో అప్పుడే గదా తెలిసేది.